పేజీ ధర చెప్పే ముందు నడిమి పేజీలు దిద్ది చూడండి

ప్రశ్న: ఇంగ్లీషు మాతృభాష కాని రచయితలు ఇంగ్లీషులో రాసిన పరిశోధన పత్రాలు దిద్దే పని మొదలుపెడుతున్నాను. ఒక రచయిత 42 పేజీల పత్రం గురించి చెప్పి, ముందు రెండు పేజీలు నమూనాగా దిద్ది, పేజీకి ఎంతో చెప్పమన్నారు. ఇంకో సంస్థ పరీక్షగా కొంత పాఠం పంపింది. ధర ఎలా కట్టాలి? నమూనాలో వాళ్లు చూసేదేమిటి? నా మాతృభాష కూడా ఇంగ్లీషు కాదు.

సమాధానం:

ముందు ఆ 42 పేజీల సంగతి తేల్చుకోండి. రచయిత చెప్పే పేజీ కొలత కాదు. అదే పాఠాన్ని చిన్న అక్షరాలతో, వరుసల మధ్య ఖాళీ లేకుండా పెడితే ఒక పేజీలో 500 పదాలకు పైగా పడతాయి. 12 పాయింట్ల అక్షరాలతో, రెట్టింపు ఎడంతో పెడితే సుమారు సగమే పడతాయి. అందుకే ఈ వృత్తిలో పేజీ అంటే 250 పదాలు అని లెక్క. అమెరికాలోని ఎడిటోరియల్ ఫ్రీలాన్సర్స్ అసోసియేషన్ కూడా ఈ లెక్కనే వాడుతుంది. జర్మన్ రచయితలైతే 30 వరుసలు, వరుసకు 60 అక్షరాల చొప్పున 1800 అక్షరాలను ఒక పేజీగా భావించే అలవాటు ఉంది. ఖాళీలు కూడా ఆ 1800లోకే వస్తాయి. ఏ లెక్కయినా ఫరవాలేదు కానీ, ధర రాసే వాక్యంలోనే పేజీ అంటే ఏమిటో రాయాలి. అది లేకుండా పేజీకి ఇంత అని చెబితే, తర్వాత అక్షరాల పరిమాణం తగ్గించి పంపిన ఫైలుకు కూడా మీరు అదే ధరకు ఒప్పుకున్నట్టే అవుతుంది.

అందుకని మొత్తం ఫైలు తెప్పించుకోండి. రెండు పేజీలు మాత్రమే పంపి ధర అడిగితే, మొత్తం చూడకుండా చెప్పలేనని మర్యాదగా రాయండి. గోప్యత గురించి అనుమానం ఉంటే పేర్లు తీసేసి పంపమనండి. ఫైలు వచ్చాక వర్డ్‌లో `Review` కింద `Word Count` నొక్కండి. అక్కడ `Include textboxes, footnotes and endnotes` అనే గడి ఉంటుంది. దాన్ని టిక్ చేసినప్పుడు, తీసేసినప్పుడు వచ్చే రెండు సంఖ్యలూ రాసుకోండి. మానవీయ శాస్త్రాల పత్రాల్లో అధస్సూచికలే వేల పదాలు ఉంటాయి. వాటిని చూసుకోకుండా ధర చెబితే ఆ భాగమంతా ఊరికే చేసినట్టవుతుంది.

చివరనున్న ఆధార గ్రంథాల పట్టికను ఈ పదాల లెక్కలోంచి తీసి పక్కన పెట్టండి. అక్కడ భాష దిద్దే పని తక్కువ. రచయిత పేరు, సంవత్సరం, పుట సంఖ్య, విరామ చిహ్నాల క్రమం చూసే పని ఎక్కువ. దాని వేగం వేరు కనుక ఒక్కో ఆధారానికి ఇంత అని విడిగా చెప్పడం ఇద్దరికీ న్యాయం. కొందరు రచయితలు ఆ పని తామే చూసుకుంటామంటారు. అప్పుడు మీరు దాన్ని ముట్టుకోలేదని స్పష్టంగా రాసి వదిలేయండి.

ఇక ధర. పేజీ ధర గాల్లోంచి రాదు. గంటకు మీరు ఎంత ఆశిస్తున్నారో, ఆ పాఠంలో గంటకు ఎన్ని పేజీలు సాగుతాయో, ఈ రెండింటి నుంచే వస్తుంది. బ్రిటన్‌లోని చార్టర్డ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడిటింగ్ అండ్ ప్రూఫ్‌రీడింగ్ సూచించే కనీస ధరలు కూడా గంటకే ఉంటాయి. మొదటిది మీరు నిర్ణయించుకునేది. రెండోది ఆ పత్రం నిర్ణయిస్తుంది, దాన్ని కనుక్కోవడానికే నమూనా. రచయిత మిమ్మల్ని పరీక్షించే ఆ రెండు పేజీల్లోనే మీరు ఆయన రాతను కొలుస్తున్నారు. కొత్తవాళ్లు ఈ రెండో పనిని మరిచిపోయి, నమూనాను అందంగా దిద్ది పంపడం మీదే దృష్టి పెడతారు.

నమూనాకు ఏ పేజీలు తీసుకోవాలన్నది ఇక్కడ కీలకం. రచయితలు ఎక్కువగా మొదటి రెండు పేజీలు పంపుతారు. పత్రం మొత్తంలో అతి శుభ్రంగా ఉండేవి అవే. సారాంశాన్ని, పరిచయాన్ని సహ రచయితలు, గురువులు, స్నేహితులు అందరూ చూసి ఉంటారు. ఆ రంగంలో తిరిగే స్థిరమైన వాక్యాలు కూడా అక్కడే ఎక్కువ. పరిశోధన పద్ధతిని వివరించే భాగం కూడా కొంత నయమే, ఎందుకంటే అక్కడి వాక్యాలు ఒకే అచ్చులో ఉంటాయి. రచయిత తన సొంత వాదనను తన మాటల్లో చెప్పుకోవాల్సి వచ్చేది చర్చ అనే భాగంలో. అసలు కష్టం అక్కడ బయటపడుతుంది. కాబట్టి పరిచయం నుంచి 500 పదాలు, చర్చ మధ్యలోంచి 500 పదాలు మీరే ఎంచుకోండి. గడియారం పెట్టుకుని, నిజంగా పని చేసే పద్ధతిలోనే దిద్దండి. నమూనా కదా అని ఎక్కువ సేపు చెక్కితే మీ కొలత చెడిపోతుంది. రచయితకు తర్వాత అందబోయే నాణ్యత కూడా దానికి సరిపోలదు.

మీ పత్రాన్నే తీసుకుని ఒక ఊహా లెక్క వేద్దాం. 42 పేజీల ఫైలులో అధస్సూచికలతో కలిపి 19,500 పదాలు ఉన్నాయనుకోండి. ఆధారాల పట్టిక 2,500 పదాలు తీసేస్తే 17,000 మిగులుతాయి. 250తో భాగిస్తే 68 పేజీలు. అంటే రచయిత 42 అన్నది మీ లెక్కలో 68. నమూనాలో పరిచయపు 500 పదాలకు, అంటే రెండు పేజీలకు, 20 నిమిషాలు పట్టింది. అది గంటకు 6 పేజీల వేగం. చర్చలోని 500 పదాలకు 40 నిమిషాలు పట్టింది. అది గంటకు 3 పేజీలే. ఫలితాల భాగాన్ని పైపైన చదివితే ఈ రెండింటికీ మధ్యలో, గంటకు 4 పేజీలు సాగేలా ఉంది.

ఇప్పుడు భాగాల వారీగా చూడండి. పరిచయం 12 పేజీలు, పద్ధతి 16 పేజీలు, కలిపి 28. గంటకు 6 చొప్పున 4 గంటల 40 నిమిషాలు. ఫలితాలు 14 పేజీలు, గంటకు 4 చొప్పున మూడున్నర గంటలు. చర్చ, ముగింపు కలిపి 26 పేజీలు, గంటకు 3 చొప్పున 8 గంటల 40 నిమిషాలు. మొదటి విడతకు మొత్తం 16 గంటల 50 నిమిషాలు. దిద్దినదాన్ని మళ్లీ ఒకసారి మొదటి నుంచి చదవకుండా ఎవరికీ పంపకూడదు. ఆ రెండో విడత గంటకు 12 పేజీల వేగంతో సాగినా 5 గంటల 40 నిమిషాలు అవుతుంది. రచయితకు ప్రశ్నలు రాయడం, ఆయన జవాబులు చూసి సరిచేయడం, ఉత్తరాలు, అన్నీ కలిపి రెండున్నర గంటలు వేసుకోండి. మొత్తం 25 గంటలు.

```
పేజీ ధర = గంట విలువ × మొత్తం గంటలు ÷ పేజీలు
        = గంట విలువ × 25 ÷ 68
        = గంట విలువలో సుమారు 0.37 వంతు
```

అంటే ఒక్కో పేజీ మీ కాలంలో సుమారు 22 నిమిషాలు తీసుకుంటుంది. ఇదే పత్రానికి పరిచయాన్ని మాత్రమే నమూనాగా దిద్ది, రెండో విడతను మరిచిపోయి, రచయిత చెప్పిన 42 పేజీలకు ధర కడితే ఏమవుతుంది? పేజీకి 10 నిమిషాలు, 42 పేజీలకు 7 గంటలు. 25 గంటల పనికి 7 గంటల డబ్బు. ఈ పని గిట్టుబాటు కాదని కొన్ని నెలలకే మానుకునేవాళ్లలో చాలామంది చేసిన లెక్క ఇలాంటిదే.

ఇంకొక మాట. పేజీ ధర చెప్పమన్నా, చివరికి రచయితకు చేరాల్సింది మొత్తం సంఖ్య. పేజీ ధర, పేజీల సంఖ్య, వాటి మొత్తం, మూడూ ఒకే వరుసలో రాయండి. పేజీ అంటే 250 పదాలు అన్న సంగతి దాని పక్కనే ఉండాలి. అప్పుడు 42 ఎందుకు 68 అయిందో చూడగానే అర్థమవుతుంది, మోసం చేశారన్న అనుమానం రాదు.

చర్చ భాగంలో అంత సమయం ఎందుకు పడుతుందో చెప్పాలి, ఎందుకంటే సంస్థలు పరీక్షించేది కూడా అదే. మాతృభాష రచయిత చేసే పొరపాటులో ఏం చెప్పదలచుకున్నారో సాధారణంగా తెలుస్తూనే ఉంటుంది. ఇంగ్లీషును తర్వాత నేర్చుకున్న రచయిత వాక్యంలో మాత్రం, ఒక చిన్న పదం లేకపోవడం వల్ల రెండు అర్థాలు పుట్టవచ్చు. రెండూ వ్యాకరణం ప్రకారం సరైనవే అయి ఉండవచ్చు. వాటిలో ఒకటి ఎంచుకునే అధికారం మనకు లేదు.

ఉదాహరణకు ఒక వాక్యంలో 'డిక్రీజ్డ్' అన్న క్రియ తర్వాత నేరుగా 30% అని ఉంది. మధ్యలో ఒక విభక్తి పదం పడిపోయింది. అక్కడ 'బై' పెడితే 30% మేరకు తగ్గిందని అర్థం. 'టు' పెడితే తగ్గి తగ్గి 30% దగ్గర ఆగిందని అర్థం. చెవికి అలవాటైన 'బై' పెట్టేసి ముందుకు వెళ్లడం చాలా సులభం. కానీ దగ్గర్లో పట్టిక ఉంటే దాన్ని చూడాలి. మొదటి విలువ 80, తర్వాతిది 56 అని ఉంటే తగ్గింది 24, అది 80లో 30%. కాబట్టి 'బై' సరైనది. తర్వాతి విలువ 24 అని ఉంటే మిగిలింది 30%, కాబట్టి 'టు' రావాలి. పట్టిక లేకపోతే వాక్యాన్ని ముట్టుకోకుండా, పక్కన వ్యాఖ్యగా రెండు అర్థాలూ రాసి, ఏది తన ఉద్దేశమో చెప్పమని రచయితను అడగాలి. ఈ ఒక్క వాక్యానికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. దిద్దినట్టు కనిపించేది ఒక్క పదమే.

ఇలాంటిదే 'ఫ్యూ' ముందు 'ఎ' ఉండటం, లేకపోవడం. కొందరు రోగులు ఫిర్యాదు చేశారు అనడానికి 'ఎ ఫ్యూ' అనాలి. 'ఎ' లేకపోతే, ఫిర్యాదు చేసినవాళ్లు దాదాపు లేరన్న అర్థం వస్తుంది. రష్యన్, చైనీస్, జపనీస్, కొరియన్, పోలిష్ భాషల్లో 'ఎ', 'ద' లాంటి ఉపపదాలు లేవు, మన తెలుగులోనూ లేవు. ఆ భాషల నుంచి వచ్చిన రచయిత 'ఎ' వదిలేశాడంటే అది అలవాటు కావచ్చు, ఉద్దేశం కూడా కావచ్చు. ఒక మందు దుష్ప్రభావాల గురించిన వాక్యంలో ఈ తేడా ఎంత పెద్దదో చెప్పక్కర్లేదు. మీ మాతృభాష ఇంగ్లీషు కాదని వెనకడుగు వేయకండి. ఉపపదాలను నియమాలుగా నేర్చుకున్న మనిషి, అవి లేని చోట ఆగి ఆలోచిస్తాడు. పుట్టుకతో ఇంగ్లీషు వచ్చినవాళ్లు చాలామంది చెవికి తోచినది పెట్టేసి సాగిపోతారు. మీరు జాగ్రత్తపడాల్సింది పదాల జంటల దగ్గర, అంటే ఏ క్రియతో ఏ విభక్తి వస్తుంది, ఏ నామవాచకంతో ఏ విశేషణం పడుతుంది అన్న చోట. అక్కడ జ్ఞాపకాన్ని నమ్మకుండా, మంచి నిఘంటువులోని ఉదాహరణ వాక్యాలు చూసే అలవాటు చేసుకోండి.

సంస్థ పంపిన పరీక్షకు వద్దాం. ఈ పరీక్షల్లో కొన్ని తప్పులు కావాలనే నాటుతారు. వాటిలో అక్షర దోషాలు తక్కువ. వాక్యంలో ఒక సంఖ్య, పట్టికలో ఇంకొకటి ఉంటుంది. పాఠంలో ఉదహరించిన ఒక ఆధారం చివరి పట్టికలో కనిపించదు. ఒక సంక్షిప్త రూపం రెండో పేరాలో వాడి, దాని పూర్తి రూపం నాలుగో పేరాలో ఇస్తారు. ఒకే వస్తువుకు మూడు చోట్ల మూడు పేర్లు ఉంటాయి. ఒకే పదాన్ని మళ్లీ వాడితే శైలి చెడుతుందని బడిలో నేర్చుకున్న రచయితలు నిజంగానే ఇలా రాస్తారు. శాస్త్ర రచనలో మాత్రం పాఠకుడు అవి మూడు వేరు వేరు వస్తువులేమో అనుకుంటాడు. బ్రిటిష్, అమెరికన్ వర్ణక్రమాలు కలిసిపోయి ఉంటాయి. ఇవన్నీ పట్టుకోవాలంటే పాఠాన్ని కనీసం రెండుసార్లు, రెండు వేరు ఉద్దేశాలతో చదవాలి. ఒకసారి వాక్యాల కోసం, ఇంకోసారి సంఖ్యలు, పేర్లు, ఆధారాల కోసం. రెండు పనులూ ఒకే చదువులో చేద్దామనుకుంటే రెండోదే దెబ్బతింటుంది.

అయితే పరీక్ష పత్రాలు దిద్దేవాడిగా నా అనుభవంలో, అభ్యర్థులు ఎక్కువగా పోయేది తప్పు వదిలేసినందుకు కాదు. ఒకటి రెండు దోషాలు వదిలినవాళ్లను తీసుకుంటాం, నేర్పవచ్చు. తీసుకోలేనిది, సరిగ్గా ఉన్న వాక్యంలో కొత్త తప్పు పెట్టినవాళ్లను. పైన చెప్పిన 30% వాక్యంలో పట్టిక చూడకుండా 'బై' పెట్టడం అలాంటిదే. రచయితకు ఆ మార్పు కనబడుతుంది, కానీ ఇంగ్లీషు తెలిసినవాళ్లు దిద్దారు కదా అని నమ్మి ఒప్పేసుకుంటాడు. తప్పు అచ్చులోకి వెళుతుంది, అదీ ఆయన పేరు మీద.

దాని తర్వాత వచ్చేది అవసరం లేని మార్పు. సరైన వాక్యాన్ని తనకు నచ్చిన వాక్యంగా మార్చడం. 'యూజ్డ్' ఉన్నచోట 'యుటిలైజ్డ్' పెట్టడం, కర్మణి వాక్యాలన్నింటినీ కర్తరిలోకి తిప్పడం, రెండు వాక్యాలను కలపడం. పేజీ ఎర్ర గీతలతో నిండిపోతే ఎక్కువ పని చేసినట్టు కనిపిస్తుందని కొత్తవాళ్లు అనుకుంటారు. చూసేవాళ్లకు మాత్రం అందులో ఏది అవసరం, ఏది ఇష్టం అన్నది తేలదు. మీరు చేసిన ప్రతి మార్పుకూ, అడిగితే ఒక కారణం చెప్పగలగాలి. అది వ్యాకరణం కావచ్చు, స్పష్టత కావచ్చు, ఆ పత్రిక శైలి నియమం కావచ్చు. బాగుందనిపించింది అన్నది కారణం కాదు. పరీక్షను పంపే ముందు ఈ ప్రశ్నతో ఒకసారి మార్పులన్నీ చూడండి, జవాబు రానివాటిని వెనక్కి తీసేయండి.

సూచనల పత్రం ఇచ్చి ఉంటే దాన్ని అక్షరాలా పాటించండి. వ్యాకరణం మాత్రమే దిద్దమని రాసి ఉంటే పేరాలు తిరగరాయకండి. అమెరికన్ వర్ణక్రమం అడిగితే చివరి పదం దాకా అదే ఉండాలి. సూచనలు ఏమీ లేకపోతే, ఏ వర్ణక్రమం, ఏ స్థాయి దిద్దుబాటు అని ఒక చిన్న ఉత్తరం రాసి అడగండి. అలా అడగడం మీ పట్ల మంచి అభిప్రాయమే కలిగిస్తుంది.

ఫైలు తెరవగానే చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. విదేశీ రచయితల ఫైళ్లలో పాఠానికి వాళ్ల సొంత భాషే గుర్తించి ఉండటం, లేదా తనిఖీ పూర్తిగా ఆపేసి ఉండటం తరచుగా చూస్తాను. అప్పుడు వర్డ్ ఏ అక్షర దోషాన్నీ చూపదు, పాఠం శుభ్రంగా ఉందని మీరు పొరబడతారు. `Ctrl+A` నొక్కి, `Review`, `Language`, `Set Proofing Language` తెరిచి, `English (United Kingdom)` లేదా `English (United States)` ఎంచుకోండి. అక్కడే `Do not check spelling or grammar` ఎదురుగా ఉన్న గుర్తును తీసేయండి. ఆ తర్వాత `Track Changes` ఆన్ చేసి పని మొదలుపెట్టండి. అది ఆన్ చేయకుండా దిద్దిన పరీక్షను తెరిచి చూసేంత ఓపిక ఎవరికీ ఉండదు. పొరపాటున అలా జరిగితే, అసలు ఫైలు విడిగా దాచుకుని ఉంటే, `Compare` ద్వారా మార్పులను మళ్లీ బయటికి తీయవచ్చు. అందుకే వచ్చిన ఫైలును వేరే పేరుతో భద్రం చేశాకే చేయి పెట్టాలి.

రచయితకు ఇచ్చే ఉచిత నమూనా 500 పదాలు దాటకూడదని నా అభిప్రాయం. మీ లెక్క కోసం 1000 పదాలు దిద్దుకున్నా, పంపేది చర్చలోని 500 పదాలే కావాలి. పరిచయంలోనివి పంపితే మార్పులు తక్కువ కనిపించి, ఈ మాత్రానికి ఇంత ధరా అనిపిస్తుంది. చర్చలోని పేజీ చూస్తే ఆ ధర ఎందుకో రచయితకే అర్థమవుతుంది. నమూనాతో పాటు మూడు నాలుగు వాక్యాల వివరణ పంపండి. ఏ రకం దోషాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి, ఏ చోట మీరు మార్చకుండా ప్రశ్న అడిగారు, ఎందుకు, అన్నంత వరకు చాలు.

సంస్థల పరీక్షలు కూడా సాధారణంగా ఒక వెయ్యి పదాల లోపే ఉంటాయి. దానికి మించి ఒక అధ్యాయం మొత్తం పంపి, రేపటిలోగా కావాలంటే అనుమానించండి. పాఠం వాక్యం మధ్యలో మొదలై మధ్యలోనే ఆగిపోవడం, పట్టికల సంఖ్య 4 నుంచి మొదలవడం, నాటిన తప్పుల ఛాయ లేకుండా ఉన్నవన్నీ సహజమైన తప్పులే కావడం, ఇవన్నీ కలిసి కనిపిస్తే, ఒక నిజమైన పనిని ముక్కలు చేసి అభ్యర్థులకు పంచి ఉండవచ్చు. 500 పదాలు మాత్రం దిద్ది, మిగతాదానికి ధర ఇంత అని పంపండి. నిజంగా పరీక్షించేవాళ్లకు ఆ 500 పదాలు సరిపోతాయి.

చాలామంది రచయితలు ప్రూఫులు చూస్తే చాలు అని అడిగి తక్కువ ధర ఆశిస్తారు. ప్రూఫులు చూడటం అంటే దిద్దుబాటు అంతా అయ్యాక, అచ్చుకు కూర్చిన పేజీల్లో మిగిలిన దోషాలు ఏరడం. అది గంటకు పదికి మించి పేజీలు కూడా సాగుతుంది. పత్రికల సమీక్షకులు భాష బాగు చేయించమని తిప్పి పంపిన పత్రానికి కావాల్సింది అది కాదు. దీని గురించి వాదించనక్కర్లేదు. దిద్దిన నమూనా పేజీ పంపి, మీ పత్రానికి ఈ స్థాయి పని కావాలి, దీనికి ధర ఇది, అనండి. దోషాలు మాత్రమే తీసి, అస్పష్టమైన వాక్యాలకు వ్యాఖ్య మాత్రం పెట్టే తక్కువ స్థాయి పని కూడా ఇవ్వగలిగితే, దాని ధర కూడా పక్కనే రాయండి. ఆయన ఎంచుకుంటారు.

పత్రం విద్యార్థి సిద్ధాంత గ్రంథమైతే ఇంకో హద్దు ఉంది. దాని మీద ఆయనకు పట్టా వస్తుంది కనుక, వాదనను సరిచేయడం, పేరాల క్రమం మార్చడం, లేని వాక్యం రాసిపెట్టడం మన పని కాదు. ఎంతవరకు దిద్దవచ్చన్న నియమాలు ఒక్కో విశ్వవిద్యాలయానికి ఒక్కోలా ఉంటాయి. ఆ నియమాలు పంపమని, మార్గదర్శకుడి అనుమతి రాతపూర్వకంగా తెమ్మని ముందే అడగండి. ఎడిటర్స్ కెనడా సంఘం విద్యార్థుల రచనలు దిద్దడం మీద మార్గదర్శకాలు కూడా వెలువరించింది, చదవదగ్గవి. ఇక్కడ పని స్థాయి తగ్గుతుంది కానీ వ్యాఖ్యలు పెరుగుతాయి, కాబట్టి ధర పెద్దగా తగ్గదు.

చివరగా, ధర రాసే ఉత్తరంలో రెండు షరతులు చేర్చండి. ఒకటి, ధర ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఫైలుకే. మీరు దిద్దుతుండగా రచయిత కొత్త పేరాలు చేర్చి ఇంకో ఫైలు పంపడం ఈ పనిలో మామూలే. రెండింటినీ `Compare` చేసి, కొత్తగా చేరిన పదాలను లెక్కపెట్టి, అదే పేజీ ధరకు అదనంగా కట్టాలి. రెండు, మీ ప్రశ్నలకు రచయిత ఇచ్చే జవాబులను ఒక విడత సరిచేయడం ఈ ధరలోనే ఉంది. సమీక్షకుల సూచనల తర్వాత తిరగరాసిన పత్రం మాత్రం కొత్త పని. 25 గంటల లెక్కలో రెండున్నర గంటలు ఉత్తరాలకు పెట్టామన్నది గుర్తుంచుకోండి. ఈ షరతులు లేకపోతే ముందుగా కరిగిపోయేవి అవే. బయానాగా సగం తీసుకుని, మిగతా సగం దిద్దిన ఫైలు అందించేటప్పుడు తీసుకునే పద్ధతి కొత్త రచయితలతో నాకు బాగా నడిచింది. రెండో పత్రంతో వచ్చినవాళ్లను ముందు అడగను. వాళ్ల రాత వేగం నాకు ముందే తెలుసు కనుక కొత్తగా నమూనా కూడా చేయను, పాత పత్రం గంటల లెక్కే తీసి చూసుకుంటాను. అందుకే ప్రతి పత్రానికి ఏ భాగం ఎన్ని పేజీలు, ఎంత సమయం పట్టింది, రచయిత మాతృభాష ఏమిటి, రంగం ఏమిటి అని మొదటి పని నుంచే ఒక పట్టికలో రాసుకుంటూ రండి.